సోఫా కొనే వేలు ఎక్కడ ఆగుతుంది?

ఫోన్‌లో సోఫా చూశారు, రంగు నచ్చింది, ఇంట్లో అందరూ సరేనన్నారు. తీరా డబ్బు కట్టే పేజీ దాకా వచ్చాక వేలు ఆగిపోతుంది. ధర ఎక్కువనిపించి కాదు, ధర చూసుకునే కదా అంతదూరం వచ్చారు. ఆపేది చిన్న చిన్న సందేహాలు. ఇది నొక్కితే ఇప్పుడే డబ్బు పోతుందా? మా గుమ్మంలో పడుతుందా? మూడో అంతస్తుకు ఎవరు మోస్తారు? షాపుకు వెళ్ళి ఉంటే పక్కనున్న సేల్స్‌మన్‌ను అడిగేవాళ్ళం. ఆన్‌లైన్ దుకాణంలో ఆ జవాబు చెప్పాల్సింది బటన్ మీదుండే రెండు మాటలు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే ఒక్క వాక్యం. వెబ్‌సైట్లు తయారుచేసేవాళ్ళు ఈ చిన్న రాతలను మైక్రోకాపీ అంటారు.

వీటి విలువ చెప్పడానికి అందరూ ఉదహరించే కథ ఒకటుంది. దాన్ని అమెరికన్ నిపుణుడు జారెడ్ స్పూల్ 2009లో రాశారు. అక్కడి ఒక పెద్ద రిటైల్ సైట్‌లో సరుకులు కార్ట్‌లో వేసుకున్నాక, డబ్బు కట్టేముందు లాగిన్ పేజీ వచ్చేది. అందులో ‘లాగిన్’, ‘రిజిస్టర్’ అని రెండు బటన్లుండేవి. కొత్తవాళ్ళు ఖాతా తెరవడం ఇష్టంలేక వెళ్ళిపోయేవారు. పాతవాళ్ళు పాస్‌వర్డ్ గుర్తురాక అవస్థపడేవారు. ‘రిజిస్టర్’ తీసేసి ‘కంటిన్యూ’ అని పెట్టారు. కొనడానికి ఖాతా అక్కర్లేదని, కావాలంటే తర్వాత తెరుచుకోవచ్చని పక్కనే రాశారు. కొనుగోలు పూర్తిచేసేవాళ్ళు 45 శాతం పెరిగారు. ఏడాదిలో 30 కోట్ల డాలర్ల అదనపు అమ్మకాలు జరిగాయి.

చాలామంది దీన్ని ‘కంటిన్యూ’ అనే మాట మహిమగా చెబుతారు. నేను ఒప్పుకోను. పనిచేసింది అడ్డు తొలగించడం, తొలగించామని అక్కడే చెప్పడం. సోఫా అయిదారేళ్ళకోసారి కొనే వస్తువు. అందుకోసం ఖాతా తెరిచి పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోమంటే ఫర్నిచర్ కొనేవాళ్ళకు మరీ భారం.

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసుకుందాం. విజయవాడలో లిఫ్టు లేని అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. ముగ్గురు కూర్చునే సోఫా, ధర రూ.34,990. మొదటి బటన్ మీద ‘బై నౌ’ అని ఉందనుకోండి. ఇంకా ఆలోచనలో ఉన్న మనిషికి అది తొందరపెట్టినట్టుంటుంది. హోటల్ గదుల వెతుకులాట పేజీలో ‘బుక్ ఎ రూమ్’ బదులు ‘చెక్ అవైలబిలిటీ’ అని పెడితే స్పందన 17 శాతం పెరిగిందని గూగుల్ తన 2017 డెవలపర్ల సమావేశంలో చెప్పింది. మనిషి మనసు ఏ దశలో ఉందో బటన్ కూడా ఆ దశలోనే ఉండాలి. కాబట్టి ఇక్కడ ‘కార్ట్‌లో వేయండి’ అంటే చాలు. దాని కింద “ఇప్పుడే డబ్బు కట్టక్కర్లేదు. డెలివరీ తేదీ, మొత్తం ఖర్చు తర్వాతి పేజీలో చూస్తారు” అని రాస్తే సగం బెరుకు పోతుంది.

ఆ తర్వాతి సందేహం కొలతలది. 208 × 90 × 84 సెంటీమీటర్లు అని పేజీలో ఎక్కడో ఉంటుంది. కొనేవాళ్ళకు కావలసింది ఆ అంకెలు కాదు, ఇంట్లోకి వస్తుందా రాదా అన్నది. సోఫాను పొడవు ముందుకు పెట్టి, అవసరమైతే పక్కకు తిప్పి గుమ్మం దాటిస్తారు. గుమ్మం దగ్గర తేల్చేది పొడవు కాదు, లోతు, ఎత్తుల్లో ఏది తక్కువైతే అది. పొడవు ఇబ్బంది పెట్టేది మెట్ల మలుపు దగ్గర. అందుకని ‘కార్ట్‌లో వేయండి’ పక్కనే ఇలా రాయాలి: “కాళ్ళు విడిగా వస్తాయి. అవి లేకుండా ఎత్తు 70 సెం.మీ. తలుపు పూర్తిగా తెరిచి, రెండు ద్వారబంధాల మధ్య ఖాళీ కొలవండి. 76 సెం.మీ., అంటే 30 అంగుళాలు ఉంటే చాలు. మెట్ల మలుపు ఇరుకైతే ఫొటో పంపండి, ఆర్డర్‌కు ముందే చూసి చెబుతాం.” ఈ మాటలు చదివి కొందరు కొనకుండా వెళ్ళిపోవచ్చు. వెళ్ళనివ్వాలి. గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయే సోఫాకు బండి కిరాయి, కూలీ రెండుసార్లు పడతాయి.

‘ఫ్రీ డెలివరీ’ అన్న మాట మీద జరిగినన్ని గొడవలు ఇంకే మాట మీదా జరగవేమో. దుకాణం లెక్కలో అది గేటు దాకా. కొన్నవాళ్ళ లెక్కలో హాల్లోకి. మధ్యలో మోసేవాళ్ళు మెట్ల దగ్గర నిలబడి డబ్బు అడుగుతారు. ఏది ఉచితమో, ఏది కాదో విడమరచి రాయాలి. “మీ హాల్లోకి తెచ్చి బిగించి ఇస్తాం. లిఫ్టు లేని ఇంటికి అంతస్తుకు రూ.250. మీది మూడో అంతస్తు కాబట్టి రూ.750. ఇంటి దగ్గర ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు.” ఈ అదనం కార్ట్‌లోనే కనబడాలి, చివరి పేజీలో కాదు. కార్ట్ నింపి వదిలేసేవాళ్ళు చెప్పే కారణాల్లో చివర్లో బయటపడే అదనపు ఖర్చులే మొదటివని డెన్మార్క్‌కు చెందిన బేమార్డ్ ఇన్‌స్టిట్యూట్ సర్వేలు చాలాకాలంగా చెబుతున్నాయి.

ఇక చివరి బటన్. ‘ప్రొసీడ్’, ‘కన్ఫర్మ్’, ‘సబ్మిట్’ వీటిలో ఏది నొక్కితే డబ్బు పోతుందో చెప్పగలరా? మధ్య పేజీల్లో ‘డెలివరీ తేదీ ఎంచుకోండి’, ‘మొత్తం బిల్లు చూడండి’ అని, చివరిదాని మీద ‘రూ.35,740 చెల్లించండి’ అని ఉంటే ఆ సందేహమే రాదు. యూరోపియన్ యూనియన్‌లో ఇది చట్టం. ఆర్డర్ చేస్తే డబ్బు కట్టాల్సి వస్తుందని ఆ బటన్ మీద స్పష్టంగా లేకపోతే కొన్నవాళ్ళు ఆ ఒప్పందానికి కట్టుబడక్కర్లేదు. జర్మనీ 2012 ఆగస్టు నుంచే దీన్ని అమలు చేస్తోంది.

ఆ తర్వాత యూపీఐ మధ్యలో ఆగిపోవచ్చు. ఎర్ర అక్షరాల్లో ‘పేమెంట్ ఫెయిల్డ్’ అని మాత్రమే వస్తే గుండె గుభేలుమంటుంది. “ఆర్డర్ నమోదు కాలేదు. సోఫా మీ కార్ట్‌లోనే ఉంది. ఖాతాలో డబ్బు తగ్గి ఉంటే రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం 5 రోజుల్లోగా తిరిగి జమ అవుతుంది” అని రాస్తే మనిషి కుదుటపడి మళ్ళీ ప్రయత్నిస్తాడు.

ఏ మాట పనిచేస్తుందో పెద్ద సైట్లు రెండు రకాల బటన్లు వేర్వేరు జనానికి చూపించి తేలుస్తాయి. నెలకు నలభై సోఫాలు అమ్మే దుకాణానికి ఆ పరీక్షతో లాభం లేదు. అంత తక్కువ ఆర్డర్లలో వచ్చే తేడా కాకతాళీయం కావచ్చు. వాళ్ళకు దారి ఫోన్ ఎత్తే అమ్మాయి దగ్గరుంది. జనం ఆర్డర్‌కు ముందు ఏం అడుగుతున్నారో ఆమెకు తెలుసు. పదేపదే వచ్చే ప్రశ్నకు జవాబు బటన్ కింద చేరాలి. తర్వాత అయిదుగురిని కూర్చోబెట్టి, ప్రతి బటన్ నొక్కేముందు “ఇది నొక్కితే ఏమవుతుందనుకుంటున్నారు?” అని అడగాలి. ఇద్దరు తప్పు చెప్పారంటే ఆ మాట మార్చాలి.

సందేహం తీర్చడం వేరు, సందేహించే వ్యవధి లేకుండా చేయడం వేరు. గోడౌన్ నిండా సరుకుంచుకుని ‘రెండే మిగిలాయి’ అనడం, అడగకుండానే రూ.999 పాలిష్ వారంటీకి టిక్ పెట్టి ఉంచడం రెండో కోవవి. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబర్ 30న ఇలాంటి 13 పద్ధతులను నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. మీ కార్ట్‌లో అడగని వస్తువు కనబడితే స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. తెలుగులోనూ ఫిర్యాదు చేయవచ్చు.