‘ఇన్షా అల్లాహ్’ అని దాటవేయకండి

ఆహ్వానపత్రిక చేతికి ఇచ్చినవారితో, రాలేమని తెలిసి కూడా ‘ఇన్షా అల్లాహ్ వస్తాము’ అనడం మన ఇళ్ళలో అలవాటైపోయింది. అల్లాహ్ చిత్తంపై ఆధారపడి నిజంగా సంకల్పించేవారు పలకవలసిన మాటను మర్యాదపూర్వకమైన నిరాకరణగా మార్చుకున్నాము. పిలిచినవారు మాత్రం ఆ మాటను నమ్మి విస్తరి లెక్కలో మనలను చేర్చుకుంటారు.

హైదరాబాదు పాతబస్తీలో నా పూర్వ విద్యార్థిని ఒకరికి ఇటీవల ఇటువంటి సందర్భమే ఎదురైంది. ముహర్రం నెలవంక కనిపించిన రాత్రి ఆమె భర్త మరణించారు. గర్భవతి కాని వితంతువుకు ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు. కనుక ఆమె గడువు జమాదిల్ అవ్వల్ 10తో పూర్తవుతుంది. బాల్య స్నేహితురాలి నికాహ్ రబీఉల్ అవ్వల్ 18న నిశ్చయమైంది. షాదీఖానా రెండు వీధుల అవతలే ఉంది. అయినా ఇద్దత్‌లోని స్త్రీ అవసరానికి పగటిపూట బయటికి వెళ్ళవచ్చునే గాని, వేడుక ఆ అవసరాల కోవలోకి రాదు.

వలీమా పిలుపును అంగీకరించడం తప్పనిసరి అని అనేకమంది పండితులు అభిప్రాయపడ్డారు; హనఫీ పండితులలో అధికులు దానిని సున్నత్‌గా పరిగణించారు. ధర్మసమ్మతమైన ఉజ్ర్ ఉన్నప్పుడు ఆ బాధ్యత తొలగుతుంది. వధువు ఇంటివారి విందు అసలు వలీమాయే కాదు. అయితే స్నేహితురాలి మనసు ఫిఖహ్ గ్రంథం చూసి కుదుటపడదు కదా!

అందుచేత ఆమె పిలుపు అందిన రోజే, మరొకరితో కబురంపకుండా, స్వయంగా ఫోను చేసింది. ‘నీ నికాహ్‌కు నేను రాలేను. ఇద్దత్ ఇంకా ముగియలేదు. దాని తర్వాత వచ్చే మొదటి శుక్రవారం మీరిద్దరూ మా ఇంట్లో భోజనం చేయాలి’ అన్నది. కారణం ఒక్క వాక్యంలో ముగించింది. తన దుఃఖాన్ని విప్పి చెప్పి ఉంటే, పెళ్ళికూతురే ఆమెను ఓదార్చవలసి వచ్చేది. తేదీని మార్చమని అడగనూ లేదు.

దైవప్రవక్త (స) జైనబ్ బిన్తె జహష్ (ర)ను వివాహమాడినప్పుడు ఉమ్మె సులైమ్ (ర) ఖర్జూరం, నెయ్యి, ఎండబెట్టిన పెరుగు కలిపి ‘హైస్’ వండి, కుమారుడు అనస్ (ర) చేత పంపారు. తన సలాం అందజేసి, ఇది మా తరఫున కొద్దిపాటి కానుక అని చెప్పమన్నారు. ఈ ఉదంతాన్ని మా విద్యార్థిని తరగతిలో చదువుకున్నది.

రుఖ్సతీ మరుసటి ఉదయం వధువు పుట్టింట పొయ్యి వెలిగించే ఓపిక ఎవరికీ ఉండదని ఆమె గ్రహించింది. ఆ ఇంట ఎనిమిది మంది. తెల్లవారుజామున ఖిచిడీ, ఖీమా, ఖట్టా వండి తమ్ముడి చేత పంపింది. డబ్బాపై అతికించిన కాగితంలో వధూవరులకు బర్కత్‌నూ, మేలులో కలయికనూ కోరే సున్నత్ దుఆ వ్రాసింది. కవరులో నగదు పెట్టి ఉంటే అది ఇతరుల కవర్లతోపాటు లెక్కపుస్తకంలోకి పోయేది.

ఇద్దత్ ముగిసిన పిదప మొదటి శుక్రవారం, జుమా నమాజు తర్వాత, దంపతులు ఆమె ఇంటికి వచ్చారు. స్నేహితురాలు ఆ ఖాళీ డబ్బాలను ఖర్జూరాలతో నింపి తిరిగి తెచ్చింది.