మాయమైన పాటల జాబితా: మెయిల్ ఎవరు రాయాలి?

‘సార్, మా మూడో తరగతి పాటల ప్లేలిస్టు కనిపించడం లేదు. పిల్లలు రోజూ అడుగుతున్నారు. దయచేసి వెంటనే తెప్పించండి.’

ఒక టీచరమ్మ స్పాటిఫై సపోర్టుకు ఇలా మెయిల్ పెట్టిందనుకుందాం. బాధ తెలుస్తూనే ఉంది. కానీ ఏ ఖాతా, ఏ జాబితా, ఎవరు తయారుచేసింది? వెతికేవాళ్లకు కావలసిన ఈ ముక్కలేవీ అందులో లేవు.

అన్నిటికన్నా ముఖ్యం చివరి ప్రశ్న. ముగ్గురు టీచర్లు కలిసి పాటలు చేర్చినా, జాబితా మొదట తయారుచేసిన ఒక్కరిదే. మిగతావాళ్లు అందులో పాటలు చేర్చవచ్చు, తీసేయవచ్చు. మొత్తం జాబితాను చెరిపేసే అధికారం మాత్రం వాళ్లకు ఉండదు. అందుకే జాబితా పేరు ఉండి లోపల పాటలు లేకపోతే కలిసి వాడుకునేవాళ్లలో ఎవరో తీసేశారేమో అడగాలి. పేరే లేకపోతే సొంతదారును అడగాలి.

అంతకుముందు మరొకటి చూసుకోవాలి. ఫోన్లో గూగుల్‌తోనూ, స్కూలు కంప్యూటర్లో వేరే ఈమెయిల్‌తోనూ లాగిన్ అయితే అవి రెండు ఖాతాలు కావచ్చు. ఒకదాని జాబితాలు రెండోదాంట్లో కనిపించవు. ఈమె సొంత జాబితాలు మాత్రం చెక్కుచెదరలేదు. అంటే ఖాతా సరైనదే. పోయినది వాట్సాప్ గ్రూపులో లింకుగా వచ్చిన జాబితా ఒక్కటే. దాన్ని తయారుచేసిన సీనియర్ టీచరు జూన్‌లో బదిలీ అయి వెళ్లారు. ఫోన్ చేస్తే అసలు సంగతి బయటపడింది.

‘అయ్యో, ఆ స్కూలు వదిలేశాను కదా అని మొన్నే తీసేశానమ్మా!’

ఇక ఈమె సపోర్టుకు ఎన్ని మెయిళ్లు పెట్టీ లాభం లేదు. తిరిగి తెచ్చుకోవాల్సింది ఆ సీనియర్ టీచరే. అదీ యాప్‌లో కాదు, బ్రౌజర్లో. spotify.com/account తెరిచి, లాగిన్ అయి, Recover playlists అనేచోటికి వెళ్తే చెరిపేసిన జాబితాల పేర్లు కనిపిస్తాయి. కావలసినదాని పక్కన Restore నొక్కితే చాలు. అయితే చెరిపేసిన 90 రోజుల్లోపే ఇది కుదురుతుంది.

అక్కడ జాబితా కనిపించకపోతే అప్పుడు మెయిల్ రాయవచ్చు, అదీ సొంతదారు తన ఖాతాకు ఇచ్చిన ఈమెయిల్ నుంచే. ఇంత ఉంటే సరిపోతుంది:

‘నేను తయారుచేసిన “మూడో తరగతి పాటలు” జాబితాను జులై 4న పొరపాటున చెరిపేశాను. Recover playlists పేజీలో అది కనిపించడం లేదు. పాత లింకు, ఆ పేజీ స్క్రీన్‌షాట్ జతచేశాను. తిరిగి ఇవ్వగలరా?’

ఇదే జాబితా యూట్యూబ్‌లో ఉండి ఉంటే ఈ 90 రోజుల వెసులుబాటు కూడా ఉండేది కాదు. అక్కడ చెరిపేసిన ప్లేలిస్టు మళ్లీ రాదు. వీడియోలను ఒక్కొక్కటిగా వెతికి కొత్తగా పేర్చుకోవాల్సిందే.