చుక్క పడని సున్నా

పదమూడో శతాబ్దపు డమాస్కస్. కాగితాలు అమ్ముతూ పుస్తకాలకు నకళ్లు రాసిచ్చే ఒక దుకాణాన్ని, అందులో కొత్తగా చేరిన ఒక కుర్రాణ్ని ఊహించుకుందాం. వాడు ఒక వైద్య గ్రంథానికి నకలు పూర్తిచేశాడు.

“ఉస్తాద్, రెండుసార్లు చదివి చూసుకున్నాను. తప్పుల్లేవు.”

“నీ రాత నువ్వే చదువుకుంటే తప్పు దొరకదురా. ఆ కాగితాలు పట్టుకు కూర్చో, నేను మూలం చదువుతాను.”

ఒకరు మూలాన్ని పైకి చదువుతుంటే ఇంకొకరు నకలులో మాటమాటకూ వేలు పెట్టి చూసుకోవాలి. దీన్ని ముఖాబలా అంటారు. మూలంలో “నీటిలో నానబెట్టి, వడగట్టి, తేనె కలిపి, మళ్లీ నీటిలో మరిగించాలి” అని ఉంది. కుర్రాడి నకలులో “నీటిలో మరిగించాలి” అనే ఉంది. మొదటి “నీటిలో” రాసి కలం సిరాలో ముంచి తలెత్తేసరికి, వాడి చూపు రెండో “నీటిలో” మీద పడింది. మధ్యలోదంతా ఎగిరిపోయింది. మిగిలిన వాక్యం అర్థవంతంగానే ఉంది కనుక ఎన్నిసార్లు చదివినా అనుమానం రాదు. నకలు రాతలో నాకు అన్నిటికన్నా ప్రమాదకరంగా కనిపించే తప్పు ఇదే.

దిద్దడానికీ పద్ధతుంది. ఆ ఊళ్లోనే హదీసు పాఠాలు చెప్పి 1245లో మరణించిన ఇబ్న్ అల్-సలాహ్ వీటిని వివరంగా రాశాడు. ఆయన చెప్పింది హదీసుల కోసమే అయినా ఈ గుర్తులు ఇతర గ్రంథాల్లోనూ కనిపిస్తాయి. మాట జారిన చోట నిలువుగా చిన్న గీత గీసి, దాన్ని మార్జిన్ వైపు వంచాలి. జారినదాన్ని మార్జిన్‌లో పుట పై అంచు వైపుగా రాయాలి. అదే పుటలో కింద ఇంకో తప్పు బయటపడితే దానికీ చోటుండాలి కదా. చివర ‘సహ్హ’, అంటే సరైనదే, అని రాయాలి.

ఎక్కువైన మాటను గీకేద్దామని కుర్రాడు చాకు తీశాడు. ఉస్తాద్ వారించాడు. ఇంకో ప్రతిలో ఆ మాటే సరైనదని తేలొచ్చు. అందుకే కింది అక్షరాలు కనబడేలా గీత మాత్రమే కొట్టాలి.

ఒక్కో అంశం చివర ఖాళీ సున్నా చుట్టి ఉంచుతారు. అంతవరకూ సరిచూశాకే అందులో చుక్క పెడతారు. చుక్క లేని సున్నా ఉందంటే ఆ భాగాన్ని ఇంకా ఎవరూ సరిచూడలేదన్నమాట.

ఇంతా చేస్తే నకలు మూలంలా ఉందని తేలుతుంది, అంతే. మూలమే తప్పైతే? ఒకచోట మందు మోతాదు మరీ ఎక్కువగా కనిపించి కుర్రాడు అంకె మార్చబోయాడు. ఉస్తాద్ ఒప్పుకోలేదు. ఆ మాట మీద ‘సహ్హ’లోని మొదటి అక్షరాన్ని మాత్రం సాగదీసి వేయించాడు. మూలంలో ఇలాగే ఉంది, కానీ అనుమానంగా ఉంది అని దాని భావం. ఇంకో ప్రతి దొరికినవాళ్లు ముందు చూడాల్సిన చోటు అదే.