అమ్మకైనా చెప్పకూడదా? పోష్ విచారణలో నోరు విప్పే హద్దులు

ఆఫీసులో లైంగిక వేధింపుపై ఫిర్యాదు ఇవ్వగానే చాలా కంపెనీలు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంటాయి: ‘ఈ విషయం ఎవరికీ చెప్పను’ అని. ఆ ‘ఎవరికీ’లో కన్నతల్లి కూడా ఉందా? ఈ అనుమానంతోనే నెలల తరబడి ఒంటరిగా కుమిలిపోయేవాళ్లున్నారు. చట్టం అంత మాట అనలేదు.

2013 నాటి పోష్ చట్టంలో గోప్యత గురించి చెప్పేది సెక్షన్ 16. ఫిర్యాదులో ఏముంది, ఫిర్యాదుదారు, ప్రతివాది, సాక్షులు ఎవరు, వాళ్ల చిరునామాలేమిటి, రాజీ ప్రయత్నంలో, విచారణలో ఏం జరిగింది, కమిటీ ఏం సిఫార్సు చేసింది, యాజమాన్యం ఏ చర్య తీసుకుంది అన్నవి ప్రజలకు, పత్రికలకు, మీడియాకు ఏ రూపంలోనూ తెలియనివ్వకూడదు. సమాచార హక్కు చట్టం కింద అడిగినా ఇవ్వరు. నిషేధం అంతా బయటి లోకానికి వెల్లడించడం మీదే. తల్లి, భర్త, డాక్టరు, లాయరు ‘ప్రజలు’ అనే మాట కిందికి రారని నా అభిప్రాయం. శారీరకంగా ఫిర్యాదు చేయలేని స్థితిలో మహిళ ఉంటే ఆమె తరఫున బంధువు, స్నేహితులు, సహోద్యోగి కూడా ఇవ్వొచ్చని ఇదే చట్టం కింది 6వ నిబంధన చెబుతోంది. వాళ్లకు విషయం తెలిసి ఉంటుందని చట్టమే ఒప్పుకున్నట్టు కదా.

శిక్ష ఎవరికో చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. సెక్షన్ 17 పట్టుకునేది ఫిర్యాదును, విచారణను చూసే బాధ్యత ఉన్నవాళ్లను: కమిటీ సభ్యులు, ఫైలు నడిపే హెచ్‌ఆర్ ఉద్యోగి వంటివాళ్లను. వాళ్లు బయటపెడితే సర్వీసు నిబంధనల ప్రకారం చర్య ఉంటుంది. అవి లేనిచోట యాజమాన్యం 5,000 రూపాయలు వసూలు చేయాలి. ఒక మనిషి పరువుకు ఆ మొత్తం చాలా తక్కువ. మిగతావాళ్లకు ఈ జరిమానా లేదు కదా అని నిశ్చింతగా ఉండడానికీ లేదు. తాము సంతకం చేసిన కాగితం, కంపెనీ క్రమశిక్షణ నియమాలు వాళ్లకు వర్తిస్తాయి.

పేరు చెప్పకపోతే చాలనుకోవడం మరో పొరపాటు. ఒక ఊహాజనిత ఉదాహరణ చూద్దాం. హైదరాబాద్‌లో ఒక టీమ్‌లో 9 మంది ఉన్నారు, అందులో ఇద్దరే మహిళలు. ఒక సాక్షి భోజనాల దగ్గర ‘మా టీమ్ అమ్మాయి కేసులో నన్నూ పిలిచారు’ అన్నాడు. పేరు రాలేదు. కానీ వినేవాడికి మిగిలిన అవకాశాలు రెండే. ‘రాత్రి షిఫ్టులో’ అని కలిపితే ఒక్కటే మిగలొచ్చు. న్యాయం జరిగిందన్న సంగతిని గుర్తింపు బయటపడకుండా చెప్పుకోవచ్చని సెక్షన్ 16 ఒక వెసులుబాటు ఇచ్చింది. అక్కడ కూడా ఫిర్యాదుదారునీ సాక్షులనూ పోల్చుకునేలా చేసే వివరాలేవీ ఉండకూడదంది.

అదే సాక్షి కమిటీ అడిగిన ప్రశ్నలను రెండో సాక్షికి చెప్పాడనుకోండి. పరువుతో పాటు విచారణ కూడా దెబ్బతింటుంది. ఇద్దరి వాంగ్మూలాల్లో ఒకే మాటలు అదే వరుసలో వస్తే, ఇద్దరూ ఒకే తప్పు తేదీ చెబితే, ముందే మాట్లాడుకున్నారని అనుభవమున్న సభ్యురాలు అనుమానిస్తుంది. అప్పుడు నిజంగా కళ్లారా చూసిన మాటకు కూడా బలం తగ్గిపోతుంది. అందుకే సహోద్యోగి అడిగితే ‘దాని గురించి నేను మాట్లాడకూడదు’ అనేసి ఊరుకోవాలి. ‘పిలిచారు గానీ ఏమీ లేదులే’ అన్నా అది సమాచారమే.

ప్రతివాదికి ఫిర్యాదు ప్రతి 7 పనిదినాల్లో అందాలి. అందిన తర్వాత జవాబుకు 10 పనిదినాలు. ఈ లోపు భార్యతో చెప్పుకోవచ్చు, లాయరు సలహా తీసుకోవచ్చు. లాయరును కమిటీ ముందుకు మాత్రం తీసుకురాకూడదు. ఆ నియమం ఇద్దరికీ ఒకటే. తనకు అనుకూలంగా చెప్పేవాళ్లుంటే వాళ్ల పేర్లు జవాబులో రాసివ్వాలి, పిలిచే పని కమిటీకి వదలాలి. తానే సీటు సీటుకూ వెళ్లి ‘నువ్వు చూశావు కదా’ అని అడిగితే అది సాక్షిని ప్రభావితం చేయడంగా కనబడుతుంది.

విచారణకు 90 రోజులు, నివేదికకు 10, యాజమాన్యం చర్యకు 60. అంటే 160 రోజుల దాకా పట్టవచ్చు. ఇంతకాలం ఇంట్లో ఒక్కరికైనా చెప్పుకోకుండా ఉండమనడం అమానుషం. అలాగని ఫిర్యాదు ప్రతిని చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు. అక్కడి నుంచి ఫార్వర్డ్ అయిన కాగితం మళ్లీ మన చేతికి రాదు. నమ్మకమున్న మనిషికి ఎదురుగా కూర్చుని మన బాధ చెప్పుకోవాలి తప్ప కాగితం ఇవ్వకూడదు, సాక్షుల పేర్లు చెప్పకూడదు.

నివేదిక చేతికొచ్చాక కూడా ఈ గోప్యత పోదు. అయితే తీర్పు నచ్చకపోతే సిఫార్సులు వచ్చిన 90 రోజుల్లోగా అప్పీలు చేసుకోవాలి. అందుకోసం నివేదిక మొత్తాన్ని లాయరు ముందు పెట్టడానికి వెనుకాడనక్కర్లేదు.