నష్టమొచ్చినా నడపాలా, తాళం వేయాలా?

ఫ్లైయాష్ ఇటుక బజారులో 5 రూపాయలు పలుకుతోంది. దాన్ని తయారు చేయడానికి అన్నీ కలిపి 5 రూపాయల 60 పైసలు అవుతోంది. అంటే ఇటుకకు 60 పైసలు పోతున్నాయి. అయినా యజమాని మిషన్ ఆపడు. "నష్టమని తెలిసీ ఎందుకు నడపడం బావా?" అని చుట్టమెవరైనా అడిగితే, "ఆపితే ఇంతకన్నా ఎక్కువ పోతుంది" అంటాడు. అది మొండితనం కాదు, సరైన లెక్కే. అదే ధర 4 రూపాయల 40 పైసలకు పడితే మాత్రం ఆ మనిషే మర్నాడు కూలీలను రావద్దంటాడు. అదీ సరైన లెక్కే. ఈ రెండు ధరల మధ్య ఎక్కడో ఒక గీత ఉంది. దాన్ని ఖర్చుల పుస్తకంలోంచి ఎలా పట్టుకోవాలో చూద్దాం.

ఉదాహరణకు ఈ ఇటుకనే తీసుకోవడానికి కారణముంది. ఇబ్రహీంపట్నం, రామగుండం, పాల్వంచ, పరవాడ లాంటి చోట్ల థర్మల్ విద్యుత్ కేంద్రాల నుంచి బూడిద వస్తుంది. దానికి క్రషర్ డస్టు, సిమెంటు కలిపి ఇటుకలు పోసే చిన్న యూనిట్లు ఆ చుట్టుపక్కల చాలా ఉంటాయి. సిమెంటుకు బదులు సున్నం, జిప్సం కలిపే ఫాల్-జి పద్ధతి పుట్టింది మన విశాఖపట్నంలోనే. దాన్ని రూపొందించినవారు భానుమతీదాస్, కాళిదాస్. ఇల్లు కట్టే మేస్త్రీకి ఇటుక గట్టిగా ఉంటే చాలు, ఏ యూనిట్‌దైనా ఒకటే. అందుకే ఏ యజమానీ తన ధర తాను పెట్టుకోలేడు. పది పైసలు ఎక్కువ చెబితే ట్రాక్టరు పక్క యూనిట్‌కు పోతుంది. ఆర్థికశాస్త్రం సంపూర్ణ పోటీ అనేదానికి ఇది బాగా దగ్గర. ధర బజారు చేతిలో ఉంది. యజమాని చేతిలో ఉన్నదల్లా రోజుకు ఎన్ని ఇటుకలు పోయాలన్న నిర్ణయం.

ఇక లెక్కలోకి వద్దాం. ఇక్కడి అంకెలు విషయం తేలిగ్గా అర్థం కావడానికి నేను వేసుకున్నవి. ఎవరి యూనిట్‌వీ కావు.

నెలకు స్థలం, షెడ్డు లీజు 35,000. మిషన్ అప్పు వాయిదా 65,000. కరెంటు కనెక్షన్‌పై వాడినా వాడకపోయినా కట్టే ఛార్జీ 10,000. వాచ్‌మన్ జీతం 15,000. యజమాని సొంతంగా పెట్టిన డబ్బు బ్యాంకులో వేసుకుంటే వచ్చే వడ్డీ 25,000. మొత్తం లక్షా 50 వేలు. నెలకు 25 పనిరోజులు అనుకుంటే రోజుకు 6,000. ఇవి స్థిర వ్యయాలు. లీజు కాగితం మీద సంతకం ఉన్నంతకాలం, ఒక్క ఇటుక పోయకపోయినా ఇవి తప్పవు. ఆర్థికశాస్త్రంలో స్వల్పకాలమంటే ఇదే. దాన్ని నెలలు, ఏళ్లు పెట్టి కొలవరు. తప్పించుకోలేని ఖర్చు ఉన్నంతకాలం అది స్వల్పకాలమే.

మిగతావి చర వ్యయాలు. బూడిద రవాణా, డస్టు, సిమెంటు, కూలి, యూనిట్ల లెక్కన కరెంటు, అరిగిపోయే మౌల్డు ప్లేట్లు, తడపడానికి నీళ్లు. ఇవి ఇటుకల సంఖ్యతో పాటు పెరుగుతాయి గానీ ఒకే తీరున పెరగవు. ఉదయం మిక్సర్ తిప్పి, ఆపరేటర్‌నూ కూలీలనూ దింపాక మొదటి వెయ్యి ఇటుకలు ఖరీదుగా పడతాయి. ఆ తర్వాత మనుషులు, మిషన్ లయలో పడతారు, కాబట్టి తర్వాతి వేలు చవకవుతాయి. అయిదు వేలు దాటాక మళ్లీ భారం మొదలవుతుంది. పేర్చడానికి పలకలు చాలవు. దగ్గరి జాగా నిండిపోయి పచ్చి ఇటుకను దూరం మోయాలి. సాయంత్రం ఓవర్‌టైం ఇవ్వాలి. కరెంటు పోతే డీజిల్ పోయాలి. అలసిన చేతుల్లో ఎక్కువ ఇటుకలు విరుగుతాయి. ఇలా ఒక్కో వెయ్యి పెంచినప్పుడు ఆ వెయ్యికే అదనంగా అయ్యే ఖర్చును ఉపాంత వ్యయం అంటారు.

రోజుకు అయిదు వేల ఇటుకలకు చర వ్యయం మొత్తం 22,750 రూపాయలు అనుకుందాం. దానికి అటూ ఇటూ పరిస్థితి ఇది. అంకెలన్నీ ఇటుకకు రూపాయల్లో:

| రోజుకు ఇటుకలు | చివరి వెయ్యికి అదనపు ఖర్చు | సగటు చర వ్యయం | అన్నీ కలిపి సగటు |
|---|---|---|---|
| 4,000 | 4.00 | 4.60 | 6.10 |
| 5,000 | 4.35 | 4.55 | 5.75 |
| 6,000 | 4.85 | 4.60 | 5.60 |
| 7,000 | 5.60 | 4.74 | 5.60 |
| 8,000 | 6.80 | 5.00 | 5.75 |

ముందుగా చూడాల్సింది రెండో వరస. ధర 5 రూపాయలు ఉంటే ఆరో వెయ్యి పోయాలా? ఆ వెయ్యికి అయ్యేది ఇటుకకు 4.85, వచ్చేది 5. పోయాలి. ఏడో వెయ్యికి 5.60 అవుతుంది, అది వద్దు. కాబట్టి రోజుకు ఆరు వేలు. అమ్మకం 30,000 వస్తుంది, చర వ్యయం 27,600 పోతుంది, 2,400 మిగులుతుంది. స్థిర వ్యయం 6,000లో ఈ 2,400 పోగా నష్టం 3,600. తాళం వేస్తే నష్టం పూర్తిగా 6,000. బావగారి జవాబు వెనక ఉన్న లెక్క ఇదే. మొత్తం ఖర్చు 5.60 అన్న అంకె నిజమే, కానీ ఈ రోజు మిషన్ తిప్పాలా వద్దా అన్న ప్రశ్నకు అది జవాబు చెప్పదు.

ఇప్పుడు ధర 4.40కి పడిందనుకుందాం. అయిదు వేలు పోస్తే 22,000 వస్తుంది, చర వ్యయమే 22,750. స్థిర వ్యయానికి పైసా రాకపోగా ఇంకో 750 జేబులోంచి వేసుకోవాలి. నష్టం 6,750. పోయడం తగ్గించి నాలుగు వేలకు దిగితే ఆ 750 కాస్తా 800 అవుతుంది. అంటే ఎన్ని పోసినా తాళం వేయడమే చవక. మూడో వరసలో అన్నింటికన్నా తక్కువ అంకె 4.55. అదే మూసివేత ధర. ధర దానికి దిగువన ఉంటే ఈ యూనిట్ నుంచి బజారుకు వచ్చే ఇటుకలు సున్నా.

నాలుగో వరసలో అన్నింటికన్నా తక్కువ 5.60. ఇది లాభం, నష్టం రెండూ లేని ధర, వ్యాపారులు బ్రేక్ ఈవెన్ అనేది. ధర 6.20 ఉంటే ఏడు వేలు పోసి, అన్ని ఖర్చులూ పోగా రోజుకు 4,200 మిగుల్చుకోవచ్చు. అప్పుడు కూడా ఎనిమిదో వెయ్యి వద్దు, దానికి 6.80 అవుతుంది. ధర బాగుందని ఆశపడి రాత్రి కూడా మిషన్ తిప్పేవాళ్లు ఈ అంకెను చూడరు. సగటు ఖర్చు ఇంకా ధరకన్నా తక్కువే ఉంది కదా అని వాళ్ల వాదన. సగటు మంచిగా కనిపిస్తూనే, ఆ చివరి వెయ్యి మీద 600 రూపాయలు పోతాయి.

ఈ జవాబులన్నీ ఒకచోట గీస్తే యూనిట్ స్వల్పకాలిక సప్లయి రేఖ వస్తుంది. ధర 4.55 కన్నా తక్కువైతే ఏమీ లేదు. 4.55 దగ్గర ఒక్కసారిగా అయిదు వేలు. 4.85 దాటితే ఆరు, 5.60 దాటితే ఏడు, 6.80 దాటితే ఎనిమిది. అంటే మూసివేత ధరకు పైన ఉన్న ఉపాంత వ్యయ రేఖే సప్లయి రేఖ. విద్యార్థులు దాన్ని సున్నా నుంచి మెల్లగా పైకి ఎక్కే గీతలా గీస్తారు. అది తప్పు. కింద ఖాళీ ఉంటుంది, ఆ తర్వాత గంతు ఉంటుంది. ధర 4.50 ఉన్నప్పుడు ఈ యూనిట్ కొద్దిగా పోయదు, అసలు పోయదు. బూడిద దూరం నుంచి తెచ్చుకునే యూనిట్‌కు మూసివేత ధర ఎక్కువ, కాబట్టి ధర పడుతున్నప్పుడు ముందు మూతపడేది అదే.

లెక్క సులువే. తప్పులు జరిగేది ఏ ఖర్చును ఎక్కడ రాయాలన్న దగ్గర. ఆపరేటర్‌కు నెల జీతం ఒప్పుకుని, దాన్ని రోజు కూలిలో కలిపేస్తే మూసివేత ధర ఉన్నదానికన్నా పైన కనిపిస్తుంది, ఆపకూడని రోజు ఆపేస్తాడు. సొంత డబ్బుకు వడ్డీ రాయని యజమాని లెక్కలో బ్రేక్ ఈవెన్ 5.43 దగ్గరే వచ్చినట్టు ఉంటుంది. ఆ 17 పైసలు ఆయన తనకు తాను చేసుకుంటున్న మోసం. మరో చిక్కు కూలీలది. అడ్వాన్సు ఇచ్చి దూరం నుంచి తెచ్చుకున్న మనుషులు, పని ఆపితే వెళ్లిపోతారు, మళ్లీ రప్పించాలంటే మళ్లీ అడ్వాన్సు. అందుకే ధర 4.55 కన్నా కొద్దిగా కిందికి జారినా, అది నాలుగు రోజుల ముచ్చటే అనిపిస్తే, తెలివైన యజమాని మిషన్ ఆపడు. పైగా ఇటుక నిల్వ ఉంటుంది. వానల్లో చేసి ఎండాకాలంలో అమ్ముకోవచ్చు. అప్పుడు లెక్కలో వేయాల్సింది నేటి ధర కాదు, అమ్మబోయే రోజు ధరలోంచి నిల్వ ఖర్చు, వడ్డీ తీసేసిన అంకె.

ఇదే లెక్క రైతు దగ్గరికి వస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. మూసివేత ధర కాలంతో పాటు జారుతుంది. నారు పోయక ముందు విత్తనం, నాట్ల కూలి, ఎరువు, కోత అన్నీ తప్పించుకోగలిగినవే, కాబట్టి ఆ రోజు మూసివేత ధర చాలా ఎత్తున ఉంటుంది. 2011 ఖరీఫ్‌లో కోనసీమ వరి రైతులు పంట విరామం ప్రకటించింది సరిగ్గా ఆ దశలోనే. ధాన్యం ధర సాగు ఖర్చుకు చాలదని పొలాలు ఖాళీగా వదిలేశారు. దాన్ని పరిశీలించడానికి ప్రభుత్వం మోహన్ కందా అధ్యక్షతన కమిటీ వేసింది. అదే టమాటా రైతుకు కాయ ఎర్రబడ్డాక మిగిలింది కోత కూలి, బాక్సులు, బండి కిరాయి, మండీ కమీషన్ మాత్రమే. పెట్టుబడంతా అప్పటికే మట్టిలో ఉంది. బాక్సుకు ఆ చివరి ఖర్చులు 90 రూపాయలు అనుకుంటే, సాగు మొత్తం లెక్కన 250 పడినా సరే, 150కి అమ్మడం సబబే. 70కి పడితే చేలోనే వదిలేయడం సబబు. పత్తికొండ లాంటి చోట్ల టమాటా రోడ్డు మీద పారబోసినప్పుడు రైతు కోపం మనకు కనిపిస్తుంది. దాని వెనక ఈ లెక్క కూడా ఉంటుంది. మార్కెట్ దాకా తెచ్చేశాక తిరిగి మోసుకెళ్లే కిరాయి కూడా ధరలో రాదు.

మళ్లీ ఇటుకల దగ్గరికి వస్తే, 4.55కీ 5.60కీ మధ్య ధరలో యూనిట్ నడుస్తుందే గానీ బతకదు. రోజుకు 2,400 మిగిలినంత మాత్రాన మిషన్ వాయిదా పూర్తిగా తీరదు. వాయిదా 90 రోజులు దాటి బకాయి పడితే బ్యాంకు ఆ ఖాతాను మొండి బాకీల్లో చేరుస్తుంది. లీజు గడువు తీరిన రోజు షెడ్డు అద్దె కూడా తప్పించుకోగలిగిన ఖర్చుల్లోకి వస్తుంది. మిషన్ అమ్ముడుపోయేదైతే దాని ఖర్చూ అంతే. ఆ రోజు చూడాల్సిన అంకె 4.55 కాదు, 5.60. రాబోయే ఏళ్లలో ధర దానికి తక్కువే ఉంటుందని మీ అంచనా అయితే, నిన్నటి దాకా యూనిట్ నడపడం ఎంత సరైనదైనా, కొత్త లీజు మీద మాత్రం సంతకం పెట్టకండి.