జవాబు ఒకటే, f లు రెండు

"సార్, కీలో జవాబు 14.5 మీటర్లు. నాదీ అంతే. అయినా ఈ లెక్కకు అయిదింటికి రెండు మార్కులే పడ్డాయి."

మిడ్ పరీక్ష పేపరు చేతికొచ్చాక ఒక సివిల్ విద్యార్థి ప్రొఫెసర్‌కు రాసిన ఉత్తరం ఇలా మొదలైందనుకుందాం. మార్కులు వేయమని బతిమాలుతూ రాస్తే అది అక్కడితో ఆగిపోయేది. ఈ విద్యార్థి మాత్రం తప్పు ఎక్కడుందో వెతికి మరీ రాశాడు.

లెక్క చిన్నదే. 100 మీటర్ల పొడవు, 50 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న పైపులో నూనె సెకనుకు ఒక మీటరు వేగంతో పోతోంది. దాని సాంద్రత ఘనపు మీటరుకు 900 కిలోలు, స్నిగ్ధత 0.1 పాస్కల్ సెకన్లు. రాపిడికి ఎంత హెడ్ పోతుంది? రేనాల్డ్స్ సంఖ్య 450 వస్తుంది. 2000 లోపే కాబట్టి నూనె సుడులు లేకుండా పొరలు పొరలుగా సాగుతుంది. దీన్నే లామినార్ ప్రవాహం అంటారు.

పేచీ తర్వాతి మెట్టులో వచ్చింది. కీలో f విలువ 64/450, అంటే 0.142. విద్యార్థి రాసింది 16/450, అంటే 0.0356. దిద్దినవారు ఆ అంకె చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టారు.

నిజానికి f అనే అక్షరంతో రెండు వేర్వేరు గుణకాలు వాడుకలో ఉన్నాయి. ఫ్రాంక్ వైట్ పుస్తకంలో ఉండేది డార్సీ గుణకం. మన కాలేజీల్లో చాలామంది చదివే ఆర్.కె. బన్సాల్ పుస్తకంలో ఉండేది ఫానింగ్ గుణకం. మొదటిది రెండోదానికి సరిగ్గా నాలుగింతలు. అందుకే సూత్రాలూ వేరు:

డార్సీ: h = fLV²/2gd, f = 64/Re
ఫానింగ్: h = 4fLV²/2gd, f = 16/Re

ఏ జత వాడినా 14.5 మీటర్లే వస్తుంది. జతలు కలగాపులగమైతేనే చిక్కు. 16/Re తీసుకుని డార్సీ సూత్రంలో వేస్తే 3.6 మీటర్లు, 64/Re తీసుకుని ఫానింగ్ సూత్రంలో వేస్తే 58 మీటర్లు వస్తాయి. ఆ పొరపాటు జరిగి ఉంటే మార్కులు కోయడం న్యాయమే, ఉత్తరానికి కాళ్లుండవు.

అందుకే విద్యార్థి ఉత్తరంలో మరో దారి కూడా చూపాడు. హేగన్-పాయిజై సూత్రంలో f ఊసే ఉండదు: h = 32μVL/ρgd². అంకెలు వేస్తే 320ని 22.07తో భాగించాలి, మళ్లీ 14.5. రెండు f లలో ఏది సరైనదన్న వాదనకు ఇక చోటే లేదు.

చివర్లో ఇంకో మాట రాశాడు: "జవాబు పక్కన మీటర్లు అని రాయలేదు. దానికి అర మార్కు తీసేస్తే ఒప్పుకుంటాను సార్." ఉత్తరంలో నాకు అన్నిటికన్నా నచ్చిన వాక్యం ఇదే. తన తప్పును తానే చూపినవాడి మిగతా మాటను ప్రొఫెసర్ ఓపికగా చదువుతారు.

పరీక్ష రాసే పిల్లలు ఒక్క పని చేయాలి. సూత్రం రాసిన వరుసలోనే, ఆ f డార్సీదో ఫానింగ్‌దో పేరు పెట్టి రాయండి.