నాలుగు పాదాలు కోట్ చేయాలంటే

వేరొకరి కవిత్వాన్ని తమ పుస్తకంలో వాడుకున్న రచయితల నోట తరచూ వినిపించే మాటలు మూడు. ‘నాలుగు పాదాలే కదా’, ‘కవి పేరు వేశాను కదా’, ‘నేనేమన్నా డబ్బు కోసం వేశానా’. పుస్తకం అచ్చు వేసేవారిని ఈ మూడింటిలో ఏదీ కాపాడదు. మన దేశంలో అమల్లో ఉన్నది 1957 నాటి కాపీరైట్ చట్టం. ఇన్ని పాదాల వరకు ఎవరైనా వాడుకోవచ్చు అన్న కొలత అందులో లేదు. అలాగని ప్రతి పాదానికీ అనుమతి అడుక్కోవాలనీ లేదు. చట్టం చూసేది ఆ పాదాలను ఏ పని కోసం తీసుకున్నారన్నది. ఈ సంగతి తెలియక కొందరు ఎడాపెడా వాడేస్తారు, కొందరు భయపడి నిక్షేపంగా వాడుకోదగ్గవి కూడా వదిలేస్తారు. విమర్శ రాసేవాళ్లు ఇలా జంకడం నాకు ఎక్కువ బాధ కలిగిస్తుంది.

ముందు రక్షణ దేనికో చూద్దాం. కథకు గాని కవితకు గాని అది కాగితం మీద పడిన క్షణం నుంచే కాపీరైట్ ఉంటుంది. రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు, కోర్టులో అది సాక్ష్యంగా పనికొస్తుంది, కానీ చేయించకపోయినంత మాత్రాన హక్కు పోదు. ఆ హక్కు రాసిన తీరుకే గాని ఆలోచనకు కాదు. దీన్ని తేల్చిన కేసు ఒకటి ఉంది. ఆర్.జి. ఆనంద్ రాసిన ‘హమ్ హిందుస్తానీ’ అనే నాటకంలో పంజాబీ కుటుంబానికీ మద్రాసీ కుటుంబానికీ మధ్య ప్రాంతీయ దురభిమానం, వాళ్ల పిల్లల ప్రేమ కథా వస్తువు. తర్వాత ‘న్యూఢిల్లీ’ అనే హిందీ సినిమా ఇదే వస్తువుతో వచ్చింది. తన నాటకాన్నే సినిమా తీశారని ఆయన కోర్టుకెక్కారు. 1978లో సుప్రీంకోర్టు ఆయన వాదనను ఒప్పుకోలేదు. వస్తువు ఎవరి సొత్తూ కాదు, దాన్ని నడిపిన తీరు వేరైతే అది వేరే రచనే అంది. రెంటినీ చూసిన మామూలు మనిషికి ఇది దానికి నకలే అని నిస్సందేహంగా అనిపించాలి, అప్పుడే తప్పు. కాబట్టి ఒక నవలలోని ఊహ మీ నవలకు ప్రేరణ కావచ్చు. ఆమె వాక్యాలు, ఆమె సన్నివేశాలు అదే వరసలో మీ పుస్తకంలోకి రాకూడదు.

ఇక కాలపరిమితి. రచయిత బతికినంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు. మరణించిన తేదీ నుంచి కాక, మరుసటి ఏడాది జనవరి 1 నుంచి ఈ 60 లెక్కపెట్టాలి. మొదట్లో ఇది 50 ఏళ్లే ఉండేది. టాగూర్ 1941లో పోయారు గనుక ఆయన రచనల మీద విశ్వభారతికి ఉన్న హక్కు 1991 చివరితో ముగియాల్సింది. సరిగ్గా అప్పుడే కేంద్రం గడువును పదేళ్లు పెంచింది. అది టాగూర్ ఒక్కరికే కాక దేశంలోని రచయితలందరికీ వర్తించింది.

పుస్తకం ఎంత పాతదన్నది ఈ లెక్కలోకి రాదు, అందరూ పొరబడేది ఇక్కడే. విశ్వనాథ ‘వేయిపడగలు’ 1930లలో రాసింది. ఇంత పాత పుస్తకానికి హక్కులేమిటి అనిపిస్తుంది. కానీ విశ్వనాథ మరణించింది 1976లో. కనుక 2036 డిసెంబరు 31 వరకు అది రక్షణలోనే ఉంటుంది. అదే గోపీచంద్ 1962లో మరణించారు కాబట్టి ఆయన బతికుండగా వెలువడిన రచనలు 2023 జనవరి 1 నుంచి అందరివీ అయ్యాయి. గురజాడ, కందుకూరి సంగతి చెప్పనే అక్కర్లేదు.

అనువాదానిది మరో లెక్క. ‘వేయిపడగలు’ను పి.వి. నరసింహారావు ‘సహస్రఫణ్’ పేరుతో హిందీ చేశారు. అనువాదం కూడా స్వతంత్రమైన రచనే, దాని గడువు అనువాదకుడి జీవితాన్ని బట్టి ఉంటుంది. పి.వి. 2004లో మరణించారు. అంటే 2037లో మూల నవల స్వేచ్ఛగా దొరికినా, ఆ హిందీ వాక్యాలు 2064 చివరి దాకా రక్షణలో ఉంటాయి. పాత గ్రంథానికి ఈ మధ్య ఎవరో రాసిన ముందుమాట, టీక, పరిష్కర్త వివరణలు కూడా ఇలాంటివే. మూలం ఉచితమని పుస్తకం మొత్తం స్కాన్ చేసి అచ్చేస్తే ఇక్కడ దొరికిపోతారు. రచయిత పోయాక మొదటిసారి అచ్చయిన రచనకైతే, అచ్చయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు లెక్కించాలి. మరణించిన సంవత్సరం ఒక్కటి చూసి ఊరుకోకపోవడం అందుకే మంచిది.

గడువు తీరనివాటిని అడగకుండా వాడుకునే దారి చట్టంలోని 52వ సెక్షన్‌లో ఉంది. దాన్ని ఫెయిర్ డీలింగ్ అంటారు. సొంత చదువు లేదా పరిశోధన, ఒక రచన మీద విమర్శ లేదా సమీక్ష, వర్తమాన సంఘటనల వార్త, ఈ పనుల కోసం న్యాయమైన మేరకు తీసుకోవచ్చు. న్యాయమైన మేర అంటే ఎంత అన్న ప్రశ్నకు 1996లో కేరళ హైకోర్టు ఒక కేసులో ఇచ్చిన జవాబు రచయితలందరూ తెలుసుకోదగ్గది. తోప్పిల్ భాసి రాసిన ‘నింగళెన్నె కమ్యూనిస్టాక్కి’ మలయాళంలో పేరుమోసిన నాటకం. నన్ను కమ్యూనిస్టును చేసింది మీరే అని అర్థం. దానికి ఎదురు ప్రశ్నగా, మీరు ఎవరిని కమ్యూనిస్టును చేశారని సివిక్ చంద్రన్ మరో నాటకం రాశారు. పాత నాటకంలోని పాత్రలనే, కొన్ని సంభాషణలనే అందులో వాడుకున్నారు. భాసి అప్పటికే కన్నుమూశారు, ఆయన భార్య కోర్టుకు వెళ్లారు. కోర్టు మూడు విషయాలు పట్టి చూసింది. చేసిన విమర్శతో పోలిస్తే తీసుకున్నది ఎంత, అది మూలంలో ఎంత విలువైన భాగం. ఏ ఉద్దేశంతో తీసుకున్నారు. కొత్తది పాతదానికి పోటీగా నిలబడి దాని గిరాకీని తినేస్తుందా. చంద్రన్ నాటకం పాతదాన్ని విమర్శించడానికే పుట్టింది, పాత నాటకం చూడాలనుకున్నవాడు దీన్ని చూసి సరిపెట్టుకోడు. అందుకే తీర్పు చంద్రన్ వైపు వచ్చింది.

ఈ మూడు ప్రశ్నలను ఒక పుస్తకానికి పెట్టి చూద్దాం. ఒక లెక్చరర్ తెలుగు వచన కవిత మీద రెండొందల పేజీల పుస్తకం రాస్తున్నారనుకోండి. ఒక అధ్యాయంలో శ్రీశ్రీ కవితలోంచి ఆరు పాదాలు ఎత్తిచూపి, ఆ మాత్రాఛందస్సు ఎక్కడ విరిగింది, ఎందుకు విరిగింది అని రెండు పేజీలు చర్చించారు. శ్రీశ్రీ 1983లో మరణించారు, హక్కులు 2043 చివరి వరకు ఉన్నాయి. అయినా ఆ ఆరు పాదాలకు అనుమతి అవసరం లేదు. పాదాలు లేకుండా ఆ చర్చ నిలబడదు, తీసుకున్నది చర్చకు తగ్గట్టుగానే ఉంది. పేరూ, పుస్తకం పేరూ తప్పకుండా వేయాలి. తన రచన తనదని చెప్పించుకునే హక్కు రచయితకు చట్టం విడిగా ఇచ్చింది.

అదే లెక్చరర్ పుస్తకం చివర అనుబంధంగా ఇరవై కవితలను పూర్తిగా చేర్చారనుకుందాం, పాఠకుడికి వెతుక్కునే శ్రమ తప్పుతుందని. ఉద్దేశం మంచిదే. కానీ అక్కడ విమర్శ లేదు, అది ఒక సంకలనం. కవితల పుస్తకం కొనాల్సిన పాఠకుడికి ఆ అవసరం తీరిపోతుంది. కవులందరి దగ్గరా, లేనివారి వారసుల దగ్గరా అనుమతి తీసుకోవాల్సిందే. ఇంకా చిన్నదిగా కనిపించేది, ప్రతి అధ్యాయం నెత్తిన అందం కోసం పెట్టే రెండు పాదాలు. వాటి గురించి లోపల ఒక్క మాటా ఉండదు. తీసుకున్నది తక్కువే అయినా విమర్శ అనే ఆసరా దానికి లేదు. నవలల్లో సినిమా పాట పల్లవి వేసినా ఇదే సమస్య. పైగా పాటలో పల్లవే ప్రాణం, ‘తక్కువే కదా’ అన్న వాదన అక్కడ మరీ బలహీనం. ఇలాంటి చోట నా సలహా ఎప్పుడూ ఒకటే, అడిగి వేయండి, లేదా గడువు తీరిన కవిని ఎంచుకోండి.

ఆయన దగ్గర ఒక కవి రాసిన ఉత్తరం ఉంది. తనకు రాసిన ఉత్తరం కాబట్టి అది తనదే అని ఆయన ధీమా. కాగితం ఆయనదే, వాక్యాలు మాత్రం కవివి. ఉత్తరంలోని సమాచారాన్ని సొంత మాటల్లో చెప్పుకోవచ్చు. ఉత్తరం మొత్తాన్ని ఉన్నదున్నట్టు అచ్చు వేయడానికి కవి లేదా వారసుల ఒప్పుకోలు కావాలి.

మరి అడగాల్సింది ఎవరిని? పుస్తకం లోపలి పేజీలో ‘సర్వహక్కులు రచయితవి’ అని ఉంటే రచయితనే. ప్రచురణకర్త పేరుంటే అక్కడ మొదలుపెట్టాలి, హక్కు రాతపూర్వకంగా వారికి బదిలీ అయిందో లేదో కనుక్కోవాలి. బదిలీ పత్రంలో కాలం రాయకపోతే చట్టం దాన్ని అయిదేళ్లుగానే లెక్కిస్తుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితం చేస్తుంది. దశాబ్దాల కిందటి ప్రచురణ సంస్థ ‘మాదే హక్కు’ అన్నప్పుడు ఆ కాగితం చూడమనడంలో తప్పులేదు. సినిమా పాటల హక్కులు చాలాసార్లు ఆడియో కంపెనీల దగ్గర ఉంటాయి గనుక గీత రచయిత ఫోన్‌లో సరేనంటే చాలదు.

అడిగే ఉత్తరంలో ఏ పాదాలు, ఏ పుస్తకంలోవి, మీ పుస్తకంలో ఎక్కడ వస్తాయి, ఎన్ని ప్రతులు, ఈబుక్, ఆడియో కూడా ఉందా అన్నవి స్పష్టంగా రాయండి. పుస్తకం అమెరికాలోని తెలుగువాళ్లకు అమ్మే ఆలోచన ఉంటే అదీ చెప్పండి. అక్కడ గడువు లెక్కలు వేరు, ఇక్కడ స్వేచ్ఛగా ఉన్నది అక్కడ ఇంకా రక్షణలో ఉండొచ్చు. వారసులు ముగ్గురుంటే ముగ్గురి సంతకాలూ తీసుకోవడం క్షేమం. ఒకరు సరేనన్నాక మరొకరు నోటీసు పంపితే అచ్చయిన ప్రతులు గోదాములో ఉండిపోతాయి. జవాబు రాకపోవడం అనుమతి కిందికి రాదు. రెండుసార్లు రాసినా ఉలుకూపలుకూ లేకపోతే ఆ పాదాలు తీసేసి వాటి సారాన్ని మీ మాటల్లో చెప్పండి, లేదా వాటి గురించి నిజంగా నాలుగు మాటలు విమర్శ రాయండి. వచ్చిన అనుమతి మొదటి ముద్రణకే అని ఉంటే, రెండో ముద్రణకు మళ్లీ అడగాలి. అందుకే ఆ కాగితాన్ని ప్రూఫులతో పాటు పారేయకుండా దాచుకోవాలి.